పేరు తెలిసిపోయే యూజర్‌నేమ్‌తో పెట్టిన పాత పోస్ట్: డిలీట్ చేయాలా, మార్చాలా, పేరు మాత్రం తీయించుకోవాలా?

ఎప్పుడో అడిగిన ప్రశ్న ఒకటి మన పేరుతో ఇంకా ఇంటర్నెట్‌లో కనబడుతోందని తెలియగానే చాలామంది ముందు అకౌంట్ మొత్తం డిలీట్ చేయడానికి పోతారు. నన్నడిగితే అది చిట్టచివర చేయాల్సిన పని. చాలా సైట్లలో అకౌంట్ పోయినా పోస్ట్ అక్కడే ఉంటుంది. దాన్ని సరిచేసే అధికారం మాత్రం మనకు ఉండదు.

ముందు ఒకటి తేల్చుకోవాలి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది రాసిన విషయమా, లేక ఆ విషయం పక్కన మీ పేరు ఉండడమా? ఫోన్ నంబరు, పాస్‌వర్డ్, ఇంటి అడ్రస్ లాంటివైతే పేరున్నా లేకపోయినా విషయమే పోవాలి. ఆరోగ్యం గురించో, ఉద్యోగం మానేయాలనిపించడం గురించో, ఇంట్లో గొడవ గురించో అడిగినదైతే, పేరు తెగిపోతే చాలు. అలాంటి ప్రశ్నలు వేలల్లో ఉంటాయి, ఎవరు అడిగారో తెలియనంత కాలం ఎవరికీ పట్టదు. ఈ రెండింటిలో మీది ఏదో తేలితే దారి సగం తేలినట్టే.

మన వైపు యూజర్‌నేమ్‌లు పట్టుకోవడం చాలా తేలిక. పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం, ఊరి గుర్తుగా knl, atp, kdp, చివర పుట్టిన సంవత్సరం. బండ్ల మీద ఉన్న పాత రిజిస్ట్రేషన్ కోడ్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు: అనంతపురానికి ap02, కడపకు ap04, కర్నూలుకు ap21. ఒకే యూజర్‌నేమ్ నాలుగైదు చోట్ల వాడి ఉంటే, ఒక్కచోట అసలు పేరు తెలిసినా మిగతావన్నీ బయటపడతాయి. అందుకే ఏదీ ముట్టుకోకముందే యూజర్‌నేమ్‌ను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఫోన్ నంబరును కూడా అలాగే వెతకండి. దొరికిన ప్రతి లింకునూ ఒక కాగితం మీదో నోట్స్‌లోనో రాసి పెట్టుకోండి. పోస్ట్ పోయాక ఆ లింకు మళ్లీ కావాల్సి వస్తుంది, అప్పుడు వెతికితే దొరకదు.

మా పిన్నమ్మ కొడుకు విషయం చెబితే ఎంపికలన్నీ అర్థమవుతాయి. కడప వాడు, బెంగళూరులో ఉద్యోగం. ఒక పక్క కర్నూలు నుంచి పెళ్లి సంబంధం నడుస్తోంది, ఇంకో పక్క కొత్త కంపెనీ వాళ్లు అతని వివరాలు వాకబు చేస్తున్నారు. పేరు కొట్టి చూసుకుంటే మూడు పాత పోస్టులు కనబడ్డాయి. మొదటిది స్టాక్ ఓవర్‌ఫ్లోలో, తొలి ఉద్యోగం రోజుల్లో అడిగిన ప్రోగ్రామింగ్ ప్రశ్న. అందులో అప్పటి ఆఫీసు డేటాబేస్ వివరాలు యథాతథంగా ఉన్నాయి, ఈ తరహాలో:

```
Server=...;Database=payroll;User Id=sa;Password=...
```

రెండోది రెడిట్‌లో, నిద్ర పట్టకపోవడం గురించి, వాడుతున్న మందుల గురించి, ఉద్యోగం వదిలేయాలా అన్న టెన్షన్ గురించి. మూడోది పాత బైక్ ఫోరంలో, బండి అమ్మకానికి పెట్టి రాసిన సెల్ నంబరు. ఆ నంబరు ఇప్పటికీ అతనిదే.

"అన్నా, మూడు అకౌంట్లూ తీసేస్తే అయిపోతుంది గదా?" అన్నాడు.

"తొందరపడొద్దుప్పా, ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది" అని కూర్చోబెట్టినాను.

డిలీట్ బటన్ ఎక్కడ పనిచేస్తుంది

పోస్ట్ మీదే, దానికింద ఎవరూ ఏమీ రాయలేదు అంటే డిలీట్ చేయడమే మంచిది. సమాధానాలు వచ్చాక సంగతి మారుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో మీ ప్రశ్నకు వచ్చిన జవాబుకు ఒక్క అప్‌వోట్ పడినా, దాన్ని మీరు సరైన జవాబుగా ఒప్పుకున్నా, ఆ ప్రశ్నను మీరు డిలీట్ చేయలేరు. జవాబు రాసినవాళ్ల శ్రమ కూడా దాంతోపాటు పోతుందన్నది వాళ్ల కారణం. అలాంటప్పుడు కొందరు కోపంతో ప్రశ్నంతా చెరిపేసి చుక్కలు పెడతారు. నిమిషాల్లో ఎవరో ఒకరు పాత రూపానికి తిప్పేస్తారు, మళ్లీ మళ్లీ చేస్తే అకౌంట్‌ను సస్పెండ్ చేస్తారు. పైగా ఎవరూ చూడని పాత ప్రశ్న ఈ గలాటాతో నలుగురి కళ్లలో పడుతుంది. ఒకవేళ డిలీట్ అయినా ఆ సైట్‌లో 10,000 రెప్యుటేషన్ పాయింట్లు దాటినవాళ్లకు అది కనబడుతూనే ఉంటుంది. బయటివాళ్లకు, గూగుల్‌కు కనబడదు. సంబంధం చూసేవాళ్ల భయానికి అది చాలు, పాస్‌వర్డ్ విషయంలో మాత్రం చాలదు.

రెడిట్‌లో డిలీట్ ఎప్పుడైనా చేయవచ్చు. మీరు రాసిన వివరం పోతుంది, మీ యూజర్‌నేమ్ ఉన్నచోట `[deleted]` అని వస్తుంది. అయితే హెడ్డింగ్ మిగిలిపోతుంది. రెడిట్‌లో హెడ్డింగ్‌ను తర్వాత మార్చే వీలు లేదు, పైగా లింకులో కూడా అవే మాటలు ఉంటాయి. హెడ్డింగ్‌లోనే మీ పేరో, కంపెనీ పేరో ఉంటే డిలీట్ సగం పనే చేస్తుంది. మావాడి హెడ్డింగ్‌లో నిద్ర, ఉద్యోగం అన్న మాటలే ఉన్నాయి, ఊరూ పేరూ లేవు. కాబట్టి అతనికి డిలీట్ సరిపోయింది.

సరిపోయిందని మొదట అనుకున్నాం గానీ, ఇంకో బ్రౌజర్‌లో లాగిన్ కాకుండా తెరిచి చూస్తే అతని యూజర్‌నేమ్ ఇంకా పన్నెండు చోట్ల ఉంది. తనకు సలహా చెప్పినవాళ్లకు కింద తను రాసిన జవాబులు అవి. పోస్ట్ వేరు, దాని కింద మీరు రాసిన కామెంట్లు వేరు. పోస్ట్ తీసేసినా కామెంట్లు మీ పేరుతోనే నిలబడతాయి, ఒక్కొక్కటే తీయాలి. ఎవరైనా మీ మాటల్ని కాపీ చేసి తమ కామెంట్‌లో పెట్టి ఉంటే వాళ్లకు మర్యాదగా మెసేజ్ పెట్టి తీయమని అడగడమే దారి. లాగిన్ అయి ఉన్నప్పుడు కనబడేది, బయటివాడికి కనబడేది ఒకటి కాదు. పని అయిందో లేదో ఎప్పుడూ లాగిన్ లేకుండానే చూసుకోవాలి.

ఎడిట్ చేస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది

డిలీట్ కుదరనిచోట చాలామందికి సరిపోయేది ఎడిట్. ప్రశ్న సారం చెడకుండా నంబరు, కంపెనీ పేరు, ఊరు తీసేస్తే జవాబులు రాసినవాళ్లకూ ఇబ్బంది ఉండదు, ఎవరూ తిప్పి పెట్టరు. కానీ స్టాక్ ఓవర్‌ఫ్లో లాంటి చోట్ల ప్రతి మార్పుకూ పాత ప్రతి ఉంటుంది. "edited" అన్న మాట మీద నొక్కితే పాస్‌వర్డ్‌తో సహా మొదటి రూపం ఎవరికైనా కనబడుతుంది. అందుకని ఎడిట్ చేశాక `Flag` నొక్కి, మోడరేటర్ జోక్యం కావాలన్న వరుస ఎంచుకుని, పాత ప్రతిలో రహస్య సమాచారం ఉంది, దాన్ని కప్పేయండి అని రాయాలి. మోడరేటర్లకు ఆ అధికారం ఉంది. జవాబు ఇచ్చినవాళ్లు కూడా మీ కోడ్‌నే కాపీ చేసి ఉంటారు కాబట్టి ఆ జవాబుల లింకులూ అదే ఫ్లాగ్‌లో ఇవ్వండి.

ఎడిట్ చేసేటప్పుడు కారణం రాసే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో "నా పాస్‌వర్డ్ తీసేశాను" అని రాయకండి. ఆ మాట కూడా అందరికీ కనబడుతుంది, చూసినవాళ్లు నేరుగా పాత ప్రతి తెరుస్తారు. "కోడ్ కుదించాను" అన్నట్టు మామూలుగా రాస్తే చాలు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది. ఒకసారి బయటపడిన పాస్‌వర్డ్‌ను ఎంత చెరిపినా అది రహస్యం కాదు. ఆ సైట్‌లోని ప్రశ్నలు ఎవరైనా రాసినవాళ్ల పేరు చెప్పి వాడుకోవచ్చన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటాయి, ఎన్నో సైట్లు వాటిని కాపీ చేసి పెట్టుకుంటాయి. అది పనిచేస్తున్న పాస్‌వర్డ్ అయితే ముందు మార్చాలి, ఆ తర్వాతే పోస్ట్ సంగతి. మావాడు పాత ఆఫీసులో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ సర్వర్ ఎప్పుడో తీసేశారట.

పేరు మార్చుకోవడమా, పోస్ట్ మీద పేరు తీయించడమా

ఈ రెండూ ఒకటే అనుకుంటారు గానీ తేడా చాలా ఉంది. ప్రొఫైల్‌లో పేరు మార్చుకుంటే మీ పాత పోస్టులన్నింటి మీదా కొత్త పేరు వస్తుంది. ఇది సులువు, వెంటనే అవుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో 30 రోజులకు ఒకసారి మార్చుకోవచ్చు. రెడిట్‌లో మీరు ఎంచుకున్న యూజర్‌నేమ్‌ను మార్చుకోలేరు, అక్కడ ఈ దారి లేదు. మార్చుకోగలిగినచోట కూడా ఇతరులు కామెంట్లలో మిమ్మల్ని పాత పేరుతో @ పెట్టి పిలిచినవి అలాగే ఉంటాయి. పాత తరహా ఫోరంలలో అయితే ఎవరైనా మీ పోస్ట్‌ను కోట్ చేసినప్పుడు ఆ పేరు మాటగా అచ్చయిపోతుంది, మీరు పేరు మార్చినా అది మారదు.

ప్రొఫైల్ బొమ్మ ఇంకో చిక్కు. చాలా సైట్లు ఈమెయిల్‌ను బట్టి గ్రావతార్ అనే సర్వీసు నుంచి బొమ్మ తెచ్చుకుంటాయి. పేరు మార్చినా అదే ముఖం కనబడుతుంటే, అదే బొమ్మ మీ పేరున్న ఇంకో సైట్‌లోనూ ఉంటే, గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టదు. పేరుతోపాటు బొమ్మ, ఊరు, "నా గురించి" అన్న చోట రాసుకున్నది కూడా మార్చాలి.

రెండో దారి, ఒక్క పోస్ట్ మీద మాత్రమే మీ పేరు తీయించుకోవడం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో దీన్ని డిస్‌అసోసియేషన్ అంటారు. పేజీ అడుగున ఉన్న కాంటాక్ట్ లింకు ద్వారా, ఫలానా పోస్ట్‌ను నా అకౌంట్ నుంచి వేరుచేయండి అని లింకు ఇచ్చి అడగాలి. ప్రశ్న అక్కడే ఉంటుంది, జవాబులూ ఉంటాయి, మీ పేరు, ప్రొఫైల్ లింకు పోతాయి. పేరు పెట్టి పంచుకునే లైసెన్స్‌లోనే, రాసినవాళ్లు కోరితే పేరు తీసేయాలన్న షరతు ఉంది కాబట్టి కాపీ చేసుకున్న సైట్లనూ అదే కోరవచ్చు. అందరూ వింటారని కాదు, అడగడానికి ఆధారం ఉందని చెబుతున్నాను.

దీనికి తిరుగు లేదు. ఒకసారి వేరుచేశాక ఆ పోస్ట్ మీది కాదు, మీరు దాన్ని సొంతదారుగా ఎడిట్ చేయలేరు. అందుకే వరుస ముఖ్యం: ముందు ఎడిట్, తర్వాత ఫ్లాగ్, పాత ప్రతి మూసేశారని చూసుకున్నాక పేరు తీయించుకోవడం. మావాడి ప్రశ్నకు రెండు జవాబులు, ఒకదానికి ఓట్లు ఉన్నాయి, డిలీట్ కుదరదు. ఈ వరుసలోనే నడిచాడు. ఇలాంటి కోరికను అందరూ చూసే చర్చా పేజీలో పెట్టకండి, మీ పేరుతో ఇంకో పేజీ తయారవుతుంది.

ఒకటి రెండు పోస్టులే ఇబ్బంది అయితే నేను డిస్‌అసోసియేషన్‌నే ఎంచుకుంటాను. చాలా పోస్టులు ఉండి, ఆ సైట్‌లో మీ పేరుతో పనేమీ లేకపోతే ప్రొఫైల్ పేరు మార్చుకోవడం మేలు.

అకౌంట్ డిలీట్ ఎవరికి తగును

స్టాక్ ఓవర్‌ఫ్లోలో అకౌంట్ తీసేస్తే పోస్టుల మీద user అన్న మాట పక్కన ఒక నంబరు వస్తుంది. రెడిట్‌లో పేరు స్థానంలో `[deleted]` వస్తుంది, రాసిన వివరం మాత్రం అలాగే ఉంటుంది, ఇక దాన్ని మీరు ముట్టుకోలేరు. అంటే అకౌంట్ డిలీట్ పేరును తెంచుతుంది, విషయాన్ని తీయదు. పోస్ట్ లోపలే మీ నంబరో, ఊరో, "నేను ఫలానా కాలేజీలో 2012 బ్యాచ్" అనో రాసుకుని ఉంటే పేరు తీసినా గుర్తుపడతారు. లోపలి విషయం శుభ్రం చేశాక, ఆ సైట్‌తో ఇక పనిలేదనుకున్నప్పుడే అకౌంట్ తీసేయండి. మావాడు రెడిట్ అకౌంట్‌ను అన్నీ తీశాకే మూసేశాడు.

పాత ఫోరం, ఫోన్ నంబరు

మూడింటిలో నాకు ఎక్కువ భయం వేసింది దీనికే. సెల్ నంబరు ఉంటే చాలు, యూపీఐ యాప్‌లో కొట్టి చూస్తే బ్యాంకులో ఉన్న పేరు వచ్చేస్తుంది. యూజర్‌నేమ్ ఎంత గుట్టుగా ఉన్నా నంబరు పక్కనుంటే దాపరికం లేనట్టే.

ఇలాంటి ఫోరంలలో ఎడిట్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అడ్మిన్‌కు రాయడమే దారి. మొత్తం చర్చను తీసేయమని అడిగితే చాలామంది ఒప్పుకోరు. చిన్నగా, స్పష్టంగా అడిగితే చేస్తారు. మావాడు రాసిన మెయిల్‌లో మూడే విషయాలు ఉన్నాయి: పోస్ట్ లింకు, అందులో ఈ నంబరును చుక్కలుగా మార్చండి, నా యూజర్‌నేమ్‌ను దేనికీ సంబంధం లేని పేరుగా మార్చండి. రిజిస్టర్ చేసుకున్న ఈమెయిల్ నుంచే రాశాడు, అకౌంట్ తనదేనని నమ్మడానికి అంతకంటే తేలికైన రుజువు లేదు. అడ్మిన్ చేసిపెట్టాడు. అయినా నంబరు వెతికితే అదే పేజీ మళ్లీ వచ్చింది. బండి కొనాలని అడిగిన ఇంకొకాయన పోస్ట్‌లో మావాడి మాటలు నంబరుతో సహా కోట్ అయి ఉన్నాయి. ఇంకో మెయిల్ పెట్టాల్సి వచ్చింది. మీరైతే ముందే ఆ చర్చ అన్ని పేజీలూ చదివి, కోట్ అయినవాటి లింకులు కూడా ఒకే మెయిల్‌లో ఇవ్వండి.

అడ్మినే లేని పాడుబడిన ఫోరం అయితే, గూగుల్‌లో వ్యక్తిగత ఫోన్ నంబరు, అడ్రస్, ఈమెయిల్ బయటపడిన ఫలితాలను తీయమని కోరే ఫారం ఉంది. పేజీ అక్కడే ఉంటుంది గానీ వెతికితే రాదు. ఇది నంబరు లాంటి వాటికే. పాత అభిప్రాయం చదవడానికి ఇబ్బందిగా ఉందని రాస్తే తీయరు.

సైట్‌లో పోయాక మిగిలేవి

సైట్‌లో మార్చిన కొన్నాళ్ల వరకు గూగుల్ ఫలితంలో పాత రెండు లైన్లు కనబడుతుంటాయి. దానికి గూగుల్‌లో `Refresh Outdated Content` అన్న పేజీ ఉంది. లింకు ఇచ్చి, పేజీ పోయిందా లేక అందులో మాట పోయిందా అన్నది చెప్పాలి. మాట పోయిందంటే, ఇప్పుడు పేజీలో లేని ఆ ఒక్క మాటను, అంటే మీ పేరునో నంబరునో, అక్కడ రాయాలి. పేజీలో ఇంకా ఆ మాట ఎక్కడైనా ఉంటే కోరికను తిరస్కరిస్తారు. తిరస్కరించారంటే మీరు చూడని కోట్ ఒకటి మిగిలి ఉందేమోనని మళ్లీ చదవండి.

పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే `web.archive.org`లో కూడా ఆ లింకు వేసి చూడండి. పాత ప్రతి ఉంటే `info@archive.org`కు లింకులతో సహా రాసి తీయమని కోరవచ్చు.

ఇవన్నీ ఎందుకు, చట్టం ఉంది గదా అని కొందరు అడుగుతున్నారు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో సమాచారం చెరిపించుకునే హక్కు ఉన్న మాట నిజమే. కానీ అదే చట్టం మూడో సెక్షన్‌లో, ఎవరి సమాచారాన్ని వాళ్లే అందరికీ తెలిసేలా పెట్టుకుంటే దానికి ఈ చట్టం వర్తించదని ఉంది. బ్లాగ్‌లో అభిప్రాయాలు రాస్తూ తన వివరాలు తానే బయటపెట్టుకున్న వ్యక్తిని అక్కడ ఉదాహరణగా కూడా ఇచ్చారు. మనం సొంతంగా రాసిన పాత పోస్ట్ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. మీ నంబరును ఇంకెవరో పెట్టి ఉంటే విషయం వేరు. మన పోస్ట్‌కు మాత్రం లాయరు నోటీసు కంటే సైట్ నిబంధనలో ఉన్న దారే త్వరగా పనిచేస్తుంది.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో మావాడు ఇతరులకు ఇచ్చిన జవాబులు కూడా ఉన్నాయి. అవీ తీసేస్తానన్నాడు, వద్దన్నాను. వాటిలో కంపెనీ వివరాలు లేవు, సొంత విషయాలు లేవు, ఎవరికో పనికొచ్చిన కోడ్ మాత్రమే ఉంది. కొత్త కంపెనీ వాళ్లు పేరు వెతికితే కనబడాల్సినవి అవే. ఆ అకౌంట్‌ను సొంత పేరుతోనే ఉంచుకున్నాడు, ఇబ్బంది పెట్టిన ఆ ఒక్క ప్రశ్న నుంచి మాత్రం పేరు తీయించుకున్నాడు.